పలకని పసిబిడ్డ, మొదటి రెండు నిమిషాలు (ఎపిసోడ్ పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్)

ఈరోజు బ్యాక్‌గ్రౌండ్ మారిందేంటి అని అడక్కండి. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నా. ఎందుకంటే ఈరోజు చెప్పేదానికి నాకు గట్టిగా ఉండే టేబుల్ కావాలి. పక్కన ఈ బొమ్మ ఉంది చూశారుగా, ఇది ఆడుకునే బొమ్మ కాదు, సీపీఆర్ నేర్పడానికి వాడే బొమ్మ. మా పాత ఆఫీసులో అడిగి రెండు రోజులకి తెచ్చుకున్నా.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాణ్ణి. ఇందులో నేను చెప్పేది ట్రైనింగ్‌లో నేర్చుకున్నది, తర్వాత గైడ్‌లైన్స్ చదివి సరిచూసుకున్నది. సొంతగా కనిపెట్టింది ఏమీ లేదు.

సరే, అసలు ఈ ట్రైనింగ్‌కి ఎందుకు వెళ్ళానో చెప్తా. కొంచెం పరువు తక్కువ కథే.

పోయినేడాది మా అక్క డెలివరీ తర్వాత మా ఇంట్లోనే ఉంది. మేనల్లుడికి అప్పుడు ఐదు నెలలు. ఆదివారం పొద్దున మా అమ్మ వాడికి నూనె రాసి, నలుగు పెట్టి, వేడి వేడిగా స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టింది. తర్వాత అమ్మా అక్కా ఇద్దరూ కూరగాయల బండి వచ్చిందని కిందికి వెళ్ళారు. "రేయ్, వాణ్ణి చూస్తూ ఉండు" అని చెప్పి వెళ్ళింది అక్క. మాది నాలుగో అంతస్తు.

పది నిమిషాల తర్వాత వెళ్ళి చూస్తే వాడు అస్సలు కదలట్లేదు. "చిన్నోడా" అని పిలిచా. లేదు. చెయ్యి పట్టుకుని ఎత్తి వదిలితే తువ్వాలు పడ్డట్టు పడిపోయింది. నాకు చెమటలు పట్టేశాయి. భుజాలు పట్టుకుని ఊపేశా. తర్వాత వాణ్ణి ఎత్తుకుని, చెప్పులు కూడా లేకుండా, మెట్లు దిగి పరిగెత్తా. రెండో అంతస్తు దగ్గర వాడు కళ్ళు తెరిచి ఒక్క కేక పెట్టాడు చూడండి, బిల్డింగ్ మొత్తం బయటకొచ్చింది. గేటు దగ్గర అక్క, "ఏం చేశావురా వాణ్ణి?"

ఏం లేదు. నలుగు స్నానం తర్వాత పిల్లలు అలాగే నిద్రపోతారు. అంతే. ఇంట్లో నెలరోజులు నవ్వుకున్నారు.

తర్వాత ఆఫీసులో సీపీఆర్ వర్క్‌షాప్ పెట్టినప్పుడు, నేర్పడానికి వచ్చిన సీనియర్ నర్సుకి నేనీ కథ కామెడీగా చెప్పా. ఆవిడ నవ్వలేదు. "నాలుగు అంతస్తులు దిగడానికి ఎంతసేపు పడుతుంది బాబూ?" అని అడిగారు. నిమిషం, నిమిషంన్నర పడుతుంది మేడమ్ అన్నా. "ఆ రోజు వాడికి నిజంగా ఊపిరి ఆగిపోయి ఉంటే, ఆ నిమిషంన్నర వాడికి నువ్వు ఏం ఇచ్చినట్టు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ నిమిషంన్నరలో ఏం చెయ్యాలన్నదే ఈ ఎపిసోడ్. ఇది ఏడాది లోపు బిడ్డల గురించి మాత్రమే. అప్పుడే పుట్టి ఇంకా లేబర్ రూమ్‌లో ఉన్న బిడ్డకి పద్ధతి వేరు, ఏడాది దాటిన పిల్లలకి కొంచెం వేరు. వాటిలోకి వెళ్ళను.

మొదట ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతావన్నీ వాటంతటవే గుర్తుంటాయి. మనం సినిమాల్లో చూసే సీన్ ఏంటి? పెద్దాయన ఛాతీ పట్టుకుని కూలిపోతాడు. అక్కడ సమస్య చాలాసార్లు గుండెలో మొదలవుతుంది. గుండె ఒక్కసారిగా లయ తప్పుతుంది, కానీ ఆ క్షణానికి రక్తంలో ఆక్సిజన్ ఇంకా ఉంటుంది. పసిబిడ్డల్లో చాలావరకు కథ ఉల్టా. ముందు ఊపిరి ఆగుతుంది. ముఖం పరుపులో కూరుకుపోవడం, గొంతులో ఏదో అడ్డం పడటం, బకెట్‌లో పడటం, బాగా ముదిరిన న్యుమోనియా. ఊపిరి లేక ఆక్సిజన్ అయిపోతూ అయిపోతూ, చివరికి గుండె నీరసించి ఆగుతుంది. అంటే గుండె ఆగే సమయానికి ట్యాంక్ ఖాళీ.

అందుకే పెద్దవాళ్ళ కోసం చెప్పే "నోట్లో ఊదక్కర్లేదు, ఛాతీ నొక్కితే చాలు" అన్న మాట పసిబిడ్డకి సరిపోదు. మన దేశంలో మామూలు జనానికి ఆ నొక్కడం మాత్రమే ఉండే పద్ధతి బాగా నేర్పిస్తున్నారు, మంచిదే, కానీ అది పెద్దవాళ్ళ కోసం. బిడ్డకి నొక్కడమూ కావాలి, ఊపిరీ కావాలి. ఊదడం మీ వల్ల కాకపోతే నొక్కడమైనా చెయ్యండి, ఏమీ చెయ్యకపోవడం కన్నా వంద రెట్లు నయం. కానీ రెండూ చేసేవాళ్ళు రెండూ చెయ్యాలి.

ఇప్పుడు చూడటం దగ్గరికి వద్దాం. నేను తప్పింది ఇక్కడే.

బిడ్డ పలకట్లేదు అనిపించింది. ముందు చుట్టూ ఒక్క చూపు, తెగిన కరెంటు వైరు లాంటిది ఏమైనా ఉందా అని. తర్వాత గట్టిగా పిలుస్తూ అరికాలి మీద వేలితో టకటకా కొట్టండి. (బొమ్మ అరికాలి మీద కొట్టి చూపిస్తూ) ఇలా. ఊపకూడదు. నేను చేసిన పని అదే, భుజాలు పట్టుకుని ఊపడం. పసిబిడ్డ తల బరువు, మెడ బలం లేదు, ఊపితే లోపల మెదడు దెబ్బతింటుంది. అరికాలి మీద కొడితే నిద్రపోయే బిడ్డ కాలు వెనక్కి లాక్కుంటుంది, ముఖం చిట్లిస్తుంది, ఏడుస్తుంది. ఆ రోజు నేను ఇదొక్కటి చేసుంటే చిన్నోడు అక్కడే ఏడ్చేవాడు, బిల్డింగ్ వాళ్ళకి వినోదం తప్పేది.

కాలు కదలలేదు, ఏడవలేదు. అప్పుడు "ఎవరైనా రండి" అని గట్టిగా అరవండి. అరుస్తూనే జుబ్బా పైకి లాగేసి ఊపిరి చూడండి. ఎక్కడ చూడాలి? చాలామంది ముక్కు దగ్గర వేలు పెడతారు. ఫ్యాన్ కింద ఆ వేలికి ఏం తెలుస్తుంది? పసిబిడ్డ ఊపిరి పీల్చేది ఎక్కువగా పొట్టతో. కాబట్టి పొట్ట, ఛాతీ లేస్తున్నాయా పడుతున్నాయా అని చూడండి. పది సెకన్లు, అంతకు మించి వద్దు. ఈ పది సెకన్లు పైకి లెక్కపెట్టండి, లేకపోతే భయంలో పది కాస్తా ముప్పై అవుతుంది.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. ఒకటి, నెలల పిల్లలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా నిద్రలో ఊపిరి ఒకే లయలో తీసుకోరు. గబగబా నాలుగు తీసుకుని, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. అది మామూలే. కానీ ఆ బిడ్డ అరికాలి మీద కొడితే కదులుతుంది. అందుకే ముందు కాలు, తర్వాత పొట్ట.

రెండోది ఇంకా ప్రమాదం. నీళ్ళలోంచి తీసిన చేప నోరు తెరుస్తుంది చూడండి, అలా అప్పుడప్పుడు నోరు తెరిచి ఒక్క ఎగపోత. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. చూసేవాళ్ళు "హమ్మయ్య, ఊపిరి తీస్తోంది" అనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కాదు. పలకని బిడ్డ అలా ఎగపోస్తుంటే ఊపిరి లేనట్టే లెక్క, వెంటనే మొదలుపెట్టాలి.

నాడి చూడాలా అంటే, మీరూ నేనూ చూడక్కర్లేదు. పసిబిడ్డకి నాడి మోచేతికి పైన లోపలి వైపు చూస్తారు, కానీ ఆ కంగారులో మనకి తగిలేది మన నాడే. పలకట్లేదు, మామూలుగా ఊపిరి తీసుకోవట్లేదు. మనకి ఈ రెండూ చాలు.

పలకట్లేదు కానీ ఊపిరి బాగానే ఉంది అంటే? అప్పుడు నొక్కకండి. బిడ్డని పక్కకి తిప్పి, తల కొంచెం కిందికి ఉండేలా చేతిలో పట్టుకోండి, వాంతి అయితే బయటికి పోతుంది. 108కి ఫోన్ చెయ్యండి, ఊపిరి మీద కన్ను తియ్యకండి.

ఇప్పుడు ఫోన్. కామెంట్లలో ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తా.

ఇద్దరుంటే గొడవే లేదు. ఒకరు మొదలుపెట్టాలి, ఒకరు ఆ క్షణంలోనే 108. ఒక్కరే ఉంటే, ఫోన్ జేబులో ఉంటే, 108 కొట్టి స్పీకర్‌లో పెట్టి పక్కన పడెయ్యండి, చేతులు బిడ్డ మీద. ఒక్కరే ఉన్నారు, ఫోన్ దగ్గర లేదు, అప్పుడే అసలు ప్రశ్న. పెద్దవాళ్ళయితే ముందు ఫోన్ అంటారు. బిడ్డకి మాత్రం ముందు రెండు నిమిషాలు సీపీఆర్, తర్వాత ఫోన్. కారణం ఇందాక చెప్పుకున్నదే, ట్యాంక్ ఖాళీ. ఫోన్ వెతుక్కునే టైమ్‌లో ఆ బిడ్డకి కావాల్సిన ఊపిరి ఇవ్వగలిగేది మీరొక్కరే. రెండు నిమిషాలయ్యాక కూడా బిడ్డని వదిలి వెళ్ళొద్దు. చంటిబిడ్డేగా, చేతిలో తీసుకునే ఫోన్ దగ్గరికి వెళ్ళండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీ కళ్ళ ముందే, అప్పటిదాకా ఆడుకుంటున్న బిడ్డ, గొంతులో ఏమీ అడ్డం పడకుండానే ఒక్కసారిగా వాలిపోతే, ముఖ్యంగా పుట్టుకతో గుండె సమస్య ఉన్న బిడ్డయితే, అది గుండె లయ తప్పడం కావచ్చు. అప్పుడు ఒక్కరే ఉన్నా ముందు ఫోన్. ఏఈడీ, అంటే షాక్ ఇచ్చే మెషిన్, దగ్గర్లో ఉంటే అదీ తెప్పించాలి. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కడుంది లెండి, కానీ ఎయిర్‌పోర్టుల్లో, కొన్ని ఆఫీసుల్లో ఉంటుంది.

108లో ఏం చెప్పాలి? "ఐదు నెలల బిడ్డ, ఊపిరి తీసుకోవట్లేదు, సీపీఆర్ చేస్తున్నాం." తర్వాత అడ్రస్, ఒక ల్యాండ్‌మార్క్, ఎన్నో అంతస్తు. వాళ్ళు పెట్టేదాకా మీరు కట్ చెయ్యకండి. 112 కొట్టినా ఎమర్జెన్సీకే వెళ్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు చూస్తుంటే, మీకు 911. ఊరి నుంచి మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన అమ్మానాన్నలకి ఆ నంబరూ, మీ ఇంటి అడ్రసూ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వాళ్ళకి మీ వీధి పేరు నోరు తిరగదు.

సరే, ఇప్పుడు నొక్కడం. (బొమ్మని టేబుల్ మీద వెల్లకిలా పెడుతూ) పరుపు మీద చెయ్యకూడదు. పరుపు మీద నొక్కితే పరుపు దిగుతుంది, ఛాతీ దిగదు. నేల, టేబుల్, గట్టిగా ఉన్నది ఏదైనా సరే.

చోటు ఎక్కడంటే, రెండు చనుమొనలకి మధ్య ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకి కొంచెం కింద, రొమ్ము ఎముక మీద. మరీ కిందికి వెళ్తే ఎముక చివర, ఆ తర్వాత పొట్ట. పొట్ట మీద నొక్కకూడదు.

పాత వీడియోల్లో రెండు వేళ్ళతో నొక్కడం చూపిస్తారు. నాకూ మొదట ట్రైనింగ్‌లో అలాగే చేద్దామనిపించింది, బిడ్డ చిన్నగా ఉంటుంది కదా. కానీ రెండు వేళ్ళతో సరిపడా లోతు రాదు, వేళ్ళు తొందరగా అలసిపోతాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 గైడ్‌లైన్స్‌లో ఆ రెండు వేళ్ళ పద్ధతిని తీసేశారు. ఇప్పుడు రెండు దారులు. రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి పట్టుకుని, వేళ్ళు వీపు కింద, రెండు బొటనవేళ్ళు పక్కపక్కన ఆ చోట పెట్టి నొక్కడం. (చూపిస్తూ) ఇలా. లేదంటే ఒక అరచేతి మడమతో, అంటే మణికట్టు పక్కన ఉండే గట్టి భాగంతో నొక్కడం. మీ చేతులు చిన్నవై బిడ్డ చుట్టూ రాకపోతే ఇది మేలు. పైగా ఒక్కరే చేస్తున్నప్పుడు రెండో చెయ్యి బిడ్డ నుదుటి మీదే ఉంటుంది, తల కదలకుండా.

లోతు ఛాతీ మందంలో మూడో వంతు, అంటే దాదాపు నాలుగు సెంటీమీటర్లు. వినడానికి చిన్నగా ఉంది కానీ చేసేటప్పుడు భయమేస్తుంది. ఈ బొమ్మలో సరైన లోతుకి వెళ్తే "క్లిక్" అంటుంది. (నొక్కుతూ) విన్నారా? నేను మొదటిసారి చేసినప్పుడు ముప్పైలో ఒక్క క్లిక్ కూడా రాలేదు. "బిడ్డని జోకొడుతున్నావా?" అన్నారు మేడమ్. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి, అప్పుడే గుండెలోకి రక్తం మళ్ళీ వస్తుంది. చెయ్యి తియ్యక్కర్లేదు, బరువు తీస్తే చాలు.

వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే ముప్పై నొక్కులు పదిహేను నుంచి పద్దెనిమిది సెకన్లలో అయిపోవాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక చిక్కుంది. ఒకటి, రెండు, మూడు అని బాగానే వెళ్తాం. "ఇరవై అయిదు, ఇరవై ఆరు" దగ్గరికొచ్చేసరికి మాట పొడుగవుతుంది, మాటతో పాటు చెయ్యీ నెమ్మదిస్తుంది. నాకు స్టాప్‌వాచ్‌లో స్పష్టంగా కనపడింది. అందుకే నేను పది వరకు మూడుసార్లు లెక్కపెడతా. మీకు ఇంగ్లీష్ అంకెలు సులువైతే అలాగే కానివ్వండి. ప్రాక్టీస్‌కి ఫోన్‌లో ఏదైనా మెట్రోనోమ్ యాప్ తీసి 110 మీద పెట్టుకోండి.

ముప్పై అయ్యాక రెండు ఊపిరులు. నాకు కష్టమైంది ఇదే.

పసిబిడ్డ తల వెనక భాగం పెద్దది. చదునుగా పడుకోబెడితే తల ముందుకి వంగి, గడ్డం ఛాతీకి తగులుతుంది, గాలి దారి మూసుకుంటుంది. దాన్ని సరిచెయ్యాలని పెద్దవాళ్ళకి చేసినట్టు తలని బాగా వెనక్కి వంచేస్తే, గొంతు మెత్తన కాబట్టి, అప్పుడూ మూసుకోవచ్చు. రెండూ కాకుండా ముక్కు సూటిగా సీలింగ్ వైపు చూడాలి. ఒక పల్చటి తువ్వాలు మడిచి భుజాల కింద పెడితే తల దానంతటదే అక్కడికి వస్తుంది. తువ్వాలు కోసం వెతుక్కుంటూ మాత్రం తిరగొద్దు, నుదుటి మీద ఒక చెయ్యి, గడ్డం ఎముక కింద ఒక వేలు చాలు. వేలు ఎముక మీదే ఉండాలి, దాని కింద మెత్తటి చోట కాదు.

మీ నోటితో బిడ్డ నోరూ ముక్కూ రెండూ కలిపి మూసి, ఒక్క సెకను పాటు మెల్లగా ఊదండి. మీ ఊపిరితిత్తుల్లో గాలంతా కాదు, బుగ్గల్లో గాలి అంత చాలు. ఛాతీ పైకి లేచిందా, ఆపెయ్యండి. అది కిందికి దిగాక రెండోది. గట్టిగా ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది. ఛాతీ లేవలేదంటే ఇంకా గట్టిగా ఊదాలని కాదు, తల సరిగా లేదని అర్థం. తల సరిచేసి మళ్ళీ ఒక్కసారి. అయినా లేవకపోతే అక్కడే కూర్చోకుండా మళ్ళీ ముప్పై నొక్కులకి వెళ్ళిపోండి.

ముప్పై, రెండు. ముప్పై, రెండు. ఇలా ఐదుసార్లు చేస్తే దాదాపు రెండు నిమిషాలు అవుతుంది. యూకే, యూరప్ వీడియోల్లో మొదట ఐదు ఊపిరులు ఇచ్చి మొదలుపెడతారు. వాళ్ళ గైడ్‌లైన్ అది, తప్పు కాదు. మీరు ఏది నేర్చుకున్నారో అది చెయ్యండి, రెండూ కలిపి కన్ఫ్యూజ్ అవ్వకండి. శిక్షణ ఉన్నవాళ్ళు ఇద్దరుంటే పదిహేను, రెండు లెక్కన చేస్తారు. మీకు గుర్తుండకపోతే ముప్పై, రెండే కానివ్వండి.

ఇప్పుడు ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇది నేను కల్పించింది, కానీ వర్క్‌షాప్‌లో మాతో ఇలాంటిదే చేయించారు.

నాలుగు నెలల పాప. అమ్మ ఒక్కతే ఇంట్లో. పాపని పరుపు మీద పడుకోబెట్టి మేడ మీద బట్టలు ఆరేసి వచ్చింది. ఫోన్ పిట్టగోడ మీద మర్చిపోయింది. వచ్చి చూస్తే పాప బోర్లా పడి, ముఖం దుప్పటి మడతల్లో ఉంది.

వెల్లకిలా తిప్పింది. పెదాలు నీలంగా ఉన్నాయి. అరికాలి మీద కొట్టి పిలిచింది, కదలిక లేదు. "ఎవరైనా రండి!" అని అరుస్తూ పాపని హాల్లో నేల మీదికి తెచ్చింది. జుబ్బా ఎత్తి పొట్ట చూస్తూ పది లెక్కపెట్టింది. ఆరు దగ్గర పాప ఒక్కసారి నోరు తెరిచింది. మళ్ళీ ఏమీ లేదు. ఇక్కడ ఆమె ఆగిపోయే ప్రమాదం ఉంది, కానీ అది ఎగపోత అని ఆమెకి తెలుసు. ఇప్పటికి ఇరవై, ఇరవై అయిదు సెకన్లు అయ్యాయనుకోండి.

ఫోన్ మేడ మీద ఉంది. వెళ్ళలేదు. ముప్పై నొక్కింది. మొదటి ఊపిరి ఊదింది, ఛాతీ లేవలేదు. చూస్తే గడ్డం ఛాతీకి తగులుతోంది. తల సరిచేసి ఊదింది, లేచింది. మళ్ళీ ముప్పై. ఇలా ఐదుసార్లు. ఈ రెండు నిమిషాల్లో పక్కింటివాళ్ళు అరుపు విని వచ్చి ఉంటే వాళ్ళ చేత 108 కొట్టించేది. రాలేదు. అప్పుడు పాపని ముంజేతి మీద పడుకోబెట్టుకుని వెళ్ళి పక్కింటి తలుపు బాదింది. తలుపు తీసిన పెద్దాయనకి ఒక్కటే మాట: "అంకుల్, 108కి ఫోన్ చెయ్యండి, పాపకి ఊపిరి లేదు." అని చెప్పి ఆ వరండా నేల మీదే మళ్ళీ మొదలుపెట్టింది. మేడ ఎక్కడం కన్నా పక్కింటి తలుపే దగ్గర. అంతే లెక్క.

ఇక్కడి నుంచి రెండు దారులు. పాప దగ్గి, ఏడ్చి, మామూలుగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు నొక్కడం ఆపి, పక్కకి తిప్పి పట్టుకుని, ఊపిరి చూస్తూ ఉండాలి, మళ్ళీ ఆగితే మళ్ళీ మొదలుపెట్టాలి. పాప నవ్వుతున్నా సరే ఆ రోజు హాస్పిటల్‌కి వెళ్ళి తీరాలి. రెండోది, ఏ మార్పూ రాకపోవచ్చు. అప్పుడు అంబులెన్స్ వాళ్ళు వచ్చి చేతుల్లోకి తీసుకునేదాకా ఆపకూడదు. అలసిపోతే అంకుల్‌కి చూపించి, మార్చుకుంటూ చెయ్యాలి. మధ్యమధ్యలో ఆపి "వచ్చిందా, వచ్చిందా" అని చూడటం వద్దు. అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు బిడ్డ దక్కదు. ఈ మాట వర్క్‌షాప్‌లో మేడమ్ దాచకుండా చెప్పారు, నేనూ దాచట్లేదు.

ఇప్పుడు పోయిన వీడియో కింద మీరు అడిగినవి కొన్ని.

"నిజానికి గుండె కొట్టుకుంటున్న బిడ్డకి పొరపాటున నొక్కితే? ఎముకలు విరగవా?" పసిబిడ్డ పక్కటెముకలు బాగా వంగుతాయి, పెద్ద గాయాలు అరుదు. అవసరం లేకుండా నొక్కితే బిడ్డ ఏడుస్తుంది, మీరు ఆపుతారు. అవసరమున్న బిడ్డకి నొక్కకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఈ రెండు తప్పులూ ఒకటి కావు.

"హాస్పిటల్ మా సందు చివరే, బైక్ మీద రెండు నిమిషాలు, వెళ్ళిపోవచ్చుగా?" బైక్ మీద వెనక కూర్చుని నొక్కలేరు, ఊదలేరు. బండి తాళాలు వెతకడం, లిఫ్ట్, గేటు, అక్కడ క్యాజువాలిటీ ఎటో కనుక్కోవడం, ఇవన్నీ కలిపితే రెండు నిమిషాలు కాస్తా ఏడెనిమిది అవుతాయి. అన్నిసేపూ బిడ్డకి సున్నా. అంబులెన్స్ రాని ఊళ్ళో ఉండి, వెళ్ళక తప్పదు అంటే, ముందు నేల మీద రెండు నిమిషాలు చేసి, తర్వాత కార్లో ఒకరు నడపాలి, ఒకరు వెనక ఆపకుండా చెయ్యాలి. కారు సీటు మెత్తన కాబట్టి అది బలహీనమైన సీపీఆరే, అందుకే అది చివరి దారి.

"మా నానమ్మ బిడ్డని కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద కొడితే ఊపిరి వచ్చిందట." నానమ్మలతో నేను వాదించలేను. కానీ పలకని బిడ్డకి ఆ పని వద్దు. నోట్లో నీళ్ళు పొయ్యడం, ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళంచెవి పెట్టడం, ఇవేవీ వద్దు. పలకని బిడ్డ నోట్లో పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"బకెట్‌లో పడిన బిడ్డ అయితే నీళ్ళు ముందు కక్కించాలా?" వద్దు. పొట్ట నొక్కితే వాంతి అయి అది మళ్ళీ లోపలికే పోతుంది. నీళ్ళలోంచి తీసిన బిడ్డకి మాత్రం ముందు రెండు ఊపిరులు ఇచ్చి, తర్వాత ముప్పై నొక్కులు మొదలుపెట్టండి. మిగతా అంతా ఇదే.

"గొంతులో శనగగింజ ఇరుక్కుంటే?" బిడ్డ ఇంకా స్పృహలో ఉంటే పద్ధతి వేరు, వీపు మీద ఐదు, ఛాతీ మీద ఐదు. దాని మీద వచ్చే వారం ఎపిసోడ్ చేస్తా. కానీ బిడ్డ పలకడం ఆగిపోయిందంటే ఈరోజు చెప్పిందే చెయ్యాలి. ఒక్క తేడా, ఊదే ముందు ప్రతిసారీ నోట్లో చూడండి. గింజ కంటికి కనిపిస్తే తియ్యండి. కనిపించకుండా వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి వెళ్తుంది.

ఇంకొకటి, "వీడియో చూస్తే చాలా, ట్రైనింగ్ కావాలా?" నేను ట్రైనింగ్‌కి వెళ్ళే ముందు మూడు వీడియోలు చూసి వెళ్ళా. ముప్పైలో ఒక్క క్లిక్ రాలేదని చెప్పాగా. నాలుగు సెంటీమీటర్లు అంటే ఎంతో కంటితో తెలియదు, చేతికే తెలియాలి. మీ ఆఫీసులో, కాలేజీలో ఎవరైనా నేర్పిస్తుంటే బిడ్డ బొమ్మ కూడా తెమ్మని ముందే అడగండి. చాలా చోట్ల పెద్దవాళ్ళ బొమ్మ ఒక్కటే తెస్తారు.

మా అక్క, అమ్మ ఇద్దరూ నిన్న రాత్రి ఈ బొమ్మ మీద చేశారు. అమ్మకి మొదటి ముప్పైలో ఇరవై క్లిక్‌లు వచ్చాయి. నలుగు పెట్టిన చెయ్యి మరి. ఊపిరి దగ్గర మాత్రం తల బాగా వెనక్కి వంచేస్తోంది, ఇవాళ రాత్రి మళ్ళీ కూర్చోబెడతా, బొమ్మ రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి. వచ్చే వారం శనగగింజతో కలుద్దాం. బై.